అవ్వ సంచీ లెక్క – నాలుగో పాఠం: నూటికి ఎంత సరే, దేంట్లో?

పోయిన పాఠం చివర ఒక చిన్న లెక్క ఇచ్చాను. అవ్వ సంచీలో ఐదు కూరగాయలు, వాటికి పోయినేటి ధర, ఈయేటి ధర. సంచీ మొత్తం మీద నూటికి ఎంత పెరిగిందో చెప్పమన్నాను. మీరు పంపిన కాగితాల్లో సగానికి పైగా 30 అని ఉంది. జవాబు 18.5.

తప్పులో నా వాటా కూడా ఉంది. 'ముందు ఒక్కో కూరకు శాతం కనుక్కోండి' అని మొదటి మెట్టు రాశాను. రెండో మెట్టు ఎవరికైనా తెలిసిందే కదా అని వదిలేశాను. చాలామంది అక్కడే జారారు. అందుకే పప్పు, నూనె, బస్సు ఛార్జీలను సంచీలో చేరుద్దామన్న పని ఈ వారానికి పక్కన పెడుతున్నాను. మళ్ళీ సంతకే పోదాం.

కొత్తగా చేరినవాళ్ళ కోసం రెండు మాటలు. మదనపల్లె వైపు ఒక ఊళ్ళో వారపు సంత. అవ్వ బేరమాడుతుంది, పదో తరగతి చదివే మనవడు సంచీ మోస్తూ ఫోనులో లెక్క వేస్తుంటాడు. సంతలో ధరలు లెక్క తేలిగ్గా రావాలని నేను పెట్టినవి, ఏ సంతలోనో రాసుకొచ్చినవి కావు. ఆ వైపు మాట ప్రకారం ఉల్లిపాయను ఎర్రగడ్డ అని, బంగాళాదుంపను ఉర్లగడ్డ అని రాస్తాను. అలవాటు పడండి.

సంచీలో ఉన్నవి ఇవి. టమోటా 3 కిలోలు, పోయినేడు కిలో 20, ఈయేడు 30. ఎర్రగడ్డ 2 కిలోలు, 30 నుంచి 27కి దిగింది. ఉర్లగడ్డ ఒక కిలో, 30 నుంచి 33. వంకాయ ఒక కిలో, అప్పుడూ 40, ఇప్పుడూ 40. పచ్చిమిరపకాయలు పావు కిలో, కిలో 40 ఉన్నది 80 అయింది.

మనవడు కూడా మీలాగే చేశాడు. టమోటా 50 శాతం పెరిగింది, ఎర్రగడ్డ 10 తగ్గింది, ఉర్లగడ్డ 10 పెరిగింది, వంకాయ సున్నా, మిరపకాయ 100. అన్నీ కలిపితే 150. ఐదుతో భాగిస్తే 30. "అవ్వా, నూటికి ముప్పై పెరిగింది" అన్నాడు.

అవ్వ టమోటా బుట్ట ముందు కూచుని మచ్చలున్న కాయలు పక్కకు తీసేస్తోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"పోయినేడు ఈ సంచీకి ఎంతయింది?"

వాడు లెక్కేశాడు. టమోటాకు 60, ఎర్రగడ్డకు 60, ఉర్లగడ్డకు 30, వంకాయకు 40, మిరపకాయలకు 10. "రెండు వందలు."

"ఈయేడు?"

90, 54, 33, 40, 20. "రెండు వందల ముప్పై ఏడు."

"రెండు వందల మీద ముప్పై ఏడు పెరిగితే నూటికెంత?"

"పద్దెనిమిదిన్నర." వాడు ఫోను వంక, సంచీ వంక మార్చి మార్చి చూశాడు. "మరి ఇందాక ముప్పై ఎట్లా వచ్చింది?"

అవ్వ సంచీలో చెయ్యిపెట్టి మిరపకాయల పొట్లం తీసి వాడి అరచేతిలో పెట్టింది. "ఇది రెండింతలయింది అన్నావు. నిజమే. నా కొంగులోంచి ఎంత పోయింది?"

"పది రూపాయలు."

"టమోటాకు?"

"ముప్పై."

"మరి నువ్వు దీనికి నూరు రాసి, దానికి యాభై రాస్తివే. ఏది నన్ను ఎక్కువ కొట్టింది?"

విషయమంతా ఇక్కడే ఉంది. పెరిగిన 37 రూపాయల్లో టమోటా వాటా 30, మిరపకాయ వాటా 10, ఉర్లగడ్డది 3, ఎర్రగడ్డ 6 రూపాయలు వెనక్కిచ్చింది. శాతాలను వరసగా పేర్చి సగటు తీస్తే, పది రూపాయల మిరపకాయకూ అరవై రూపాయల టమోటాకూ ఒకే ఓటు ఇచ్చినట్టు. కొంగులోంచి డబ్బు పోయేది అలా కాదు.

శాతం అనే మాట అవ్వకు అంత వంటబట్టలేదు. ఆమెకు తెలిసింది వడ్డీ. నూటికి రెండు రూపాయల వడ్డీ అని ఎవరైనా అంటే ఆమె వెంటనే అడిగేది "అసలెంత?" అని. వెయ్యి మీద నూటికి రెండు వేరు, లక్ష మీద నూటికి రెండు వేరు. శాతం కనబడగానే ఆ ప్రశ్నే వెయ్యాలని మనవడికి చెప్పింది. మిరపకాయకు నూటికి నూరు సరే, అసలెంత? పది రూపాయలు. ఈ పాఠంలో 'అసలు' అంటే ఇదే: దేని మీద శాతం కడుతున్నామో ఆ మొత్తం. ఈ మాట ఒక్కటి గుర్తుంచుకుంటే కింద వచ్చేదంతా సులువు.

ఒక సంగతి ఒప్పుకోవాలి. నేనైతే ఒక్కో కూరకూ శాతం కనుక్కోను. అది బడి లెక్క. పోయినేటి మొత్తం, ఈయేటి మొత్తం వేసి ఒక్కసారే భాగిస్తాను. 237ని 200తో భాగిస్తే 1.185, అంటే సూచీ 118.5. పోయినేడు 100 అనుకుంటే ఈయేడు 118.5 అని అర్థం. ఫోనులో షీట్ వాడేవాళ్ళు B వరసలో ఎన్ని కిలోలు, Cలో పోయినేటి ధర, Dలో ఈయేటి ధర వేసుకుని ఇది పెట్టుకోండి:

```
=SUMPRODUCT(B2:B6,D2:D6)/SUMPRODUCT(B2:B6,C2:C6)*100
```

నాకు మాత్రం రూళ్ళ నోటుబుక్కే ఇష్టం. షీటులో తప్పు దాక్కుంటుంది, నోటుబుక్కులో కొట్టివేత కనబడుతుంది.

ప్రభుత్వం వినియోగదారుల ధరల సూచీ కట్టేదీ ఈ పద్ధతిలోనే, సంచీ మాత్రం చాలా పెద్దది. 2012ను 100గా పెట్టుకున్న పాత లెక్కలో కుటుంబాల ఖర్చు నూరు అనుకుంటే దేశం మొత్తం మీద కూరగాయల వాటా 6.04. పల్లెల్లో 7.46, పట్టణాల్లో 4.41. పల్లె ఇంటి ఖర్చులో కూరగాయలకు పోయే భాగం ఎక్కువ కాబట్టి అదే టమోటా అక్కడ సూచీని ఎక్కువగా ఎత్తుతుంది. వాటా అంటే ఇంకేం లేదు, అవ్వ అడిగిన 'అసలెంత' అన్నదే.

ఇక రెండో రకం తప్పు. ఇది చేసినవాళ్ళు తక్కువే కానీ తెలివైనవాళ్ళు. ఒకరు రాశారు: 'టమోటా మండిపోతోందని నేను మూడు కిలోల బదులు ఒక కిలోనే కొని, కూరల్లో చింతపండు పిసికాను. నా సంచీ ఖర్చు 200 దాటలేదు. కాబట్టి మా ఇంట్లో ద్రవ్యోల్బణం సున్నా.'

సంసారం నడిపే తీరులో ఇది వంద శాతం సరైన పని. లెక్కలో మాత్రం తప్పు. మనం కొలుస్తున్నది ధరను, మీ పొదుపును కాదు. పోయినేడు కొన్నన్ని కిలోలే ఈయేడూ కొన్నట్టు వేస్తేనే, ధర ఒక్కటే మారినప్పుడు ఎంత తేడా వచ్చిందో తెలుస్తుంది. సంచీని కదపకూడదు. కదిపితే ఖర్చు లెక్క వస్తుంది, అది ఇంకో నోటుబుక్కు. ఈ రెండూ పక్కపక్కన ఉంటే ఇంకా బాగుంటుంది. ధరల సూచీ 118.5, ఖర్చు మాత్రం 200 అని ఉంటే, ఆ ఇంట్లో ఏదో తినడం తగ్గింది అని చదువుకోవాలి. కొన్నేళ్ళకోసారి సంచీని మార్చక తప్పదు, మనం తినేవి మారతాయి కాబట్టి. కానీ లెక్క మధ్యలో మార్చకూడదు.

మూడో తప్పుకు పోయిన పాఠంలోనే బీజం వేశాను. చివర ఒక అదనపు ప్రశ్న ఉంది, గుర్తుందా? తోటకూర కట్ట పోయినేడూ పది రూపాయలే, ఈయేడూ పది రూపాయలే. కానీ అప్పుడు కట్ట 400 గ్రాములు తూగింది, ఇప్పుడు 320 గ్రాములు. ధర ఎంత పెరిగింది?

కొందరు 'పెరగలేదు' అన్నారు. వాళ్ళను వదిలేద్దాం. ఎక్కువమంది 20 శాతం అన్నారు. కట్ట 400 నుంచి 320కి తగ్గింది, 80 గ్రాములు తగ్గాయి, 400లో 80 అంటే ఐదో వంతు, 20 శాతం. లెక్క సరిగ్గానే ఉంది కానీ అది తగ్గిన బరువు లెక్క. నేనడిగింది ధర. కిలోకు కట్టి చూడండి. 400 గ్రాములు పది రూపాయలైతే కిలో 25. 320 గ్రాములు పది రూపాయలైతే కిలో 31 రూపాయల 25 పైసలు. 25 మీద ఆరుంపావు పెరిగింది, అంటే 25 శాతం. బరువు 20 శాతం తగ్గితే ధర 25 శాతం పెరిగింది. అసలు మారింది, శాతమూ మారింది. దీనికి మళ్ళీ వస్తాను, నాకు చిరాకు తెప్పించే తప్పు దీని చుట్టమే.

సంతలో ధర పెరిగే తీరు ఇలాగే దొంగచాటుగా ఉంటుంది. అవ్వకు బోర్డు మీద అంకె కంటే కొసరు ముఖ్యం. బీన్స్ కిలో 60 అంటాడు అమ్మేవాడు. పోయినేడు తూచిన తర్వాత గుప్పెడు కొసరు వేసేవాడు. ఆ గుప్పెడు వంద గ్రాములనుకోండి, అవ్వకు 60 రూపాయలకు 1100 గ్రాములు వచ్చాయి. కిలోకు కడితే 54.55. ఈయేడు కూడా 60 అంటాడు, తూచిన చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. అవ్వ లెక్కలో అది పది శాతం పెరిగినట్టు. బోర్డు మీద సున్నా. కరివేపాకు రెబ్బలు ఉచితంగా సంచీలో పడేసే రోజులు పోయి, కట్ట ఐదు రూపాయలైతే అదీ ఇంతే, కాకపోతే దానికి శాతం కట్టడం కుదరదు. అసలు సున్నా మరి. సున్నా మీద శాతం లేదు. అప్పుడు సంచీ మొత్తానికి ఐదు రూపాయలు కలిపి ఊరుకోవాలి.

ఇప్పుడు ఆ చిరాకు సంగతి.

మనవడు ఫోనులో వార్త చదివాడు: ద్రవ్యోల్బణం తగ్గింది. వాడు నేరుగా టమోటా అమ్మే ఆయన దగ్గరికి పోయి "మామా, తగ్గిందంట కదా, నువ్వూ తగ్గించు" అన్నాడు. ఆయన నవ్వాడు. అవ్వ నవ్వలేదు.

ఈ తప్పు చదువుకున్నవాళ్ళే ఎక్కువ చేస్తారు. ద్రవ్యోల్బణం అంటే ధర కాదు, ధర పెరిగే వేగం. వేగం తగ్గినంత మాత్రాన ధర తగ్గదు. ఇది ఒక్కసారి చెబితే ఎవరూ కాదనరు, మర్నాడు మళ్ళీ అదే అంటారు. అందుకే నాలుగు రకాలుగా చెబుతాను, విసుగొస్తే ఓర్చుకోండి.

మొదట అవ్వ చెప్పిన తీరు. ఆమె అలిపిరి మెట్లెక్కి చాలాసార్లు తిరుమలకు పోయింది. మొదట్లో చకచకా ఎక్కేస్తారు, మోకాళ్ళ పర్వతం దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు లాగుతాయి, మెట్టుకు ఒకసారి నిలబడతారు. "అక్కడ మెల్లగా పోతావు. అంతమాత్రాన కిందికి దిగుతున్నట్టా? పైకే కదా పోతావు" అంది. వేగం తగ్గింది, ఎత్తు పెరుగుతూనే ఉంది. దిగడం అంటే వెనక్కి తిరిగి మెట్లు దిగడం. అది వేరే పని, దానికి అంకె ముందు మైనస్ గుర్తు ఉంటుంది.

రెండోది సంచీతో. మొదటి ఏడు 200, రెండో ఏడు 237, మూడో ఏడు 249 అనుకోండి. రెండో ఏడు 18.5 శాతం. మూడో ఏడు 237 మీద 12 రూపాయలు, అంటే 5 శాతం. పద్దెనిమిదిన్నర నుంచి ఐదుకు పడింది, వార్తల్లో 'భారీగా తగ్గిన ద్రవ్యోల్బణం' అని వస్తుంది. అవ్వ మాత్రం పోయినేటి కంటే 12 రూపాయలు, మొదటి ఏడు కంటే 49 రూపాయలు ఎక్కువిచ్చి వచ్చింది. సంచీ మళ్ళీ 237 నుంచి 200కి రావాలంటే ఎంత తగ్గాలో చూడండి: 237లో 37, అంటే 15.6 శాతం. ఎక్కేటప్పుడు 18.5, దిగేటప్పుడు 15.6. రూపాయలు అవే 37. అసలు మారింది.

మూడోది నిజంగా జరిగింది. 2023 జూలై గుర్తు తెచ్చుకోండి. టమోటా కిలో రెండు వందల దాకా పోయిన నెల. మదనపల్లె మార్కెట్టు పేరు రోజూ వార్తల్లో వినిపించింది. ఆ నెల దేశం మొత్తానికి ద్రవ్యోల్బణం 7.44 శాతం, కూరగాయల్లో 37.34. ఏడాది తిరిగింది. 2024 జూలైలో మొత్తం ద్రవ్యోల్బణం 3.54 అని ప్రకటించారు. 2019 తర్వాత నాలుగు లోపలికి రావడం అదే మొదటిసారి. రిజర్వు బ్యాంకుకు ప్రభుత్వం పెట్టిన గురి 4 కాబట్టి సంతోషించారు. కూరగాయల్లో మాత్రం 6.83.

ఇప్పుడు ఆ 6.83ను మనవడిలా చదివితే '37 నుంచి 7కు పడింది, కూరగాయలు చవకయ్యాయి' అనిపిస్తుంది. అవ్వలా చదవండి: అసలెంత? 2022 జూలైలో కూరగాయల సంచీ 100 రూపాయలైతే 2023 జూలైలో 137.34. ఆ మండిపోయిన ధర మీద ఇంకో 6.83 శాతం. అంటే 146.72. ఏ నెల పేరు చెబితే జనం ఉలిక్కిపడేవారో, ఆ నెల కంటే కూడా సంచీ ఇంకా బరువైంది. టమోటా ఒక్కటి మాత్రం అప్పటి కంటే చవకే, దాన్ని పూడ్చి పైకి లాగింది ఎర్రగడ్డ, ఉర్లగడ్డ. టమోటా ధర ఒక్కటే చూసి 'తగ్గాయిలే' అన్నవాళ్ళు మొదటి తప్పు కూడా చేసినట్టే.

నాలుగోది దానికి తిరకాసు. 2024 అక్టోబరులో కూరగాయలు ఏడాది కిందటి కంటే 42.18 శాతం ఎక్కువ. ఆ నెల మొత్తం ద్రవ్యోల్బణం 6.21. రిజర్వు బ్యాంకు గురికి అటూ ఇటూ రెండు శాతం వెసులుబాటు ఉంది, పైగీత 6. అది దాటింది. తర్వాత 2025 అక్టోబరులో కూరగాయలు ఏడాది కిందటి కంటే 27.57 శాతం తక్కువ. ఈసారి మైనస్ గుర్తుతోనే. ఇది వేగం తగ్గడం కాదు, మెట్లు దిగడం.

ప్రశ్న: 2023 అక్టోబరు నుంచి 2025 అక్టోబరు దాకా కూరగాయలు మొత్తం మీద ఎంత పెరిగాయి?

మనవడు తడుముకోకుండా 42.18లోంచి 27.57 తీసేసి 14.61 అన్నాడు. మీలో చాలామంది అదే అంటారని పందెం. అవ్వ వాడి చేత రూపాయల్లో చెప్పించింది. మొదట 100. తర్వాత 142.18. ఇప్పుడు 142.18లో 27.57 శాతం తీసెయ్యాలి, 100లో కాదు. అది 39 రూపాయల 20 పైసలు. మిగిలింది 102.98. రెండేళ్ళకు పెరిగింది మూడు శాతం, పద్నాలుగున్నర కాదు.

మళ్ళీ చదవండి. నలభై రెండు పెరిగింది, ఇరవై ఏడున్నర తగ్గింది, కానీ దాదాపు మొదటికొచ్చింది. దిగేటప్పుడు అసలు పెద్దది కాబట్టి చిన్న శాతమే దాదాపు ఎక్కినన్ని రూపాయలను దించింది. తోటకూర కట్టలో 20, 25 చూశాం కదా, అది దీని చుట్టం అన్నది అందుకే. శాతాలను కూడకూడదు, తీసెయ్యకూడదు. ఒకదాని మీద ఒకటి గుణించాలి: 1.4218ను 0.7243తో. మీకు దశాంశాలంటే చిరాకైతే 100 రూపాయల నోటుతో మొదలుపెట్టి మెట్టుమెట్టుగా పోండి, తప్పు రాదు. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను.

అదే 2025 అక్టోబరులో మొత్తం ద్రవ్యోల్బణం 0.25 శాతం, పావు శాతం. ఇంత తక్కువ ఎలా అయింది? సెప్టెంబరు 22 నుంచి చాలా వస్తువుల మీద జీఎస్టీ తగ్గించడం ఒక కారణం. కానీ కూరగాయల వరకు చూస్తే, ఏడాది కిందటి అక్టోబరులో ధరలు కొండెక్కి ఉండడం పెద్ద కారణం. ఎత్తైన చోటి నుంచి కొలిస్తే అంతా కిందనే కనిపిస్తుంది. అవ్వకు ఇది చెబితే "అయితే పావు శాతం అన్న అంకె ఈ అక్టోబరు గురించి ఎంత చెబుతుందో పోయిన అక్టోబరు గురించీ అంతే చెబుతుంది" అంది. ఆర్థికవేత్తలు దీన్ని బేస్ ఎఫెక్ట్ అంటారు. నాకు అవ్వ మాటే నచ్చింది.

ఇక్కడ ఒక హద్దు చెప్పాలి. కూరగాయల సంచీ ఒక్కదానితో దేశంలో ద్రవ్యోల్బణం ఎంతో చెప్పలేం. వాన ఎక్కువైతే టమోటా ఎక్కుతుంది, పంట ఒక్కసారిగా వస్తే పడుతుంది. 2023లో జూలైలో అంత పలికిన టమోటా సెప్టెంబరుకల్లా రైతులు రోడ్డు మీద పారబోసేంత పడింది. రెండు నెలల్లో మంటా చల్లారింది, రైతూ చల్లారాడు. ఎక్కి దిగనివి వేరే ఉంటాయి: కూలి రేటు, ట్రాక్టరు బాడుగ, సంత గేటు దగ్గర టీ. టీ అయిదు నుంచి పదికి పోయింది, మళ్ళీ అయిదుకు రాలేదు. వచ్చే పాఠంలో వాటిని సంచీలో వేస్తాం. అప్పుడు కూరగాయల ఊగిసలాట ఎంత, అడుగున ఆగకుండా పెరిగేది ఎంత అని విడదీయడం నేర్చుకోవచ్చు.

అభ్యాసం

ఈసారి కాగితం మీద లెక్క ఇవ్వను, ధరలు మీరే తేవాలి. పన్నెండు వారాలు పడుతుంది. వచ్చే పాఠం అంతకంటే ముందే వస్తుంది, అయినా ఆపొద్దు.

మీ ఇంట్లో వారానికి నిజంగా వాడే ఐదు కూరగాయలు ఎంచుకోండి. ఒకటి తప్పనిసరిగా కట్టల్లో అమ్మే ఆకుకూర అయి ఉండాలి. కిలోలు ఈ రోజే రాసి గీత కొట్టండి, పన్నెండు వారాలూ అవి మారవు. ప్రతి వారం అదే రోజు, అదే వేళకు, వీలైతే అదే మనిషి దగ్గర ధర రాయండి. వేళ ముఖ్యం. పొద్దున బోణీ బేరానికి ఒక ధర, సంత ఎత్తేసే వేళ ఇంకో ధర ఉంటుంది. ఒక వారం బోణీకి, మరో వారం సాయంత్రం పోతే మీరు కొలిచేది ద్రవ్యోల్బణాన్ని కాదు, గడియారాన్ని. ఏరుకున్న కాయకూ కలిపి ఇచ్చిన కాయకూ ధర వేరు, ఏది కొన్నారో పక్కన రాయండి. 'వందకు మూడు కిలోలు' అంటే 33.33 అని రాయండి, 33 అని కాదు.

ఆకుకూర కట్టను ఇంటికి తెచ్చి వేళ్ళు తెంచకముందే తూకం వేయండి. వంటింట్లో త్రాసు లేకపోతే కిరాణా కొట్టులో తూయించుకోవచ్చు, వాళ్ళు నవ్వుతారు, పరవాలేదు. కొసరును కూడా వదలొద్దు. కొసరు వేస్తే మొత్తం తూచి కిలోకు కట్టండి.

మొదటి వారాన్ని 100 అనుకుని ప్రతి వారం సూచీ రాసుకోండి. ఒక హెచ్చరిక: ఇది వారం వారం పోలిక, మనం పైన చేసిన ఏడాది పోలిక కాదు. పన్నెండు వారాల్లో వచ్చే తేడాలో కాలం మార్పు కూడా కలిసి ఉంటుంది. ఈ నోటుబుక్కును దాచిపెట్టండి, వచ్చే ఏడు ఇవే వారాల పక్కన ధరలు రాస్తేనే అవ్వ లెక్క పూర్తవుతుంది.

పన్నెండో వారం అయ్యాక ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. సూచీని అందరికంటే ఎక్కువ కదిపిన కూర ఏది, రూపాయల్లో? అత్యధిక శాతం మారిన కూర ఏది? రెండూ ఒకటే కావచ్చు, వేరు కావచ్చు, ఏదీ తప్పు కాదు, కిలోలు సరిగ్గా రాశారో లేదో మాత్రం ఒకసారి చూసుకోండి. మూడోది, ఏ వారమైనా అంతకు ముందు వారం కంటే తక్కువ శాతం పెరిగిందా? ఆ వారం సంచీ ధర తగ్గిందా, పెరిగిందా?

నాకు పంపేది చివరి అంకె కాదు, నోటుబుక్కు పేజీ ఫొటో. కొట్టివేతలు చెరపకండి.